అవిసె గింజ: మింగాలా, నూరాలా, వేయించాలా

(పౌర ఆరోగ్య సభలో తెలుగువారి కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఒకే గింజకు తెలుగువారు స్థిరపడిన ఒక్కొక్క నగరంలో ఒక్కొక్క పేరు ఉంది. పుణె, సోలాపూర్ దుకాణాలలో దానిని జవస్ అంటారు. బెంగళూరులో అగసె, చెన్నైలో ఆళి విదై, బరంపురంలో పేసి అని అడగాలి. ప్యాకెట్ల మీద అల్సీ అనో ఫ్లాక్స్ సీడ్స్ అనో ఉంటుంది. తెలుగులో అది అవిసె గింజ. ఈ తెలుగు పేరుతోనే ఒక తికమక కూడా ఉంది. ఆకును, తెల్లని పెద్ద పువ్వును కూర వండుకునే అవిసె చెట్టు వేరు. గింజల కోసం పండించే అవిసె నడుము ఎత్తుకు మించని చిన్న మొక్క. దానికి నీలి పువ్వులు పూస్తాయి. దాని కాండం నుంచి తీసిన నారతోనే లినెన్ బట్ట నేస్తారు. ఇక్కడ చెప్పేదంతా గోధుమరంగులో, చదునుగా, నున్నగా మెరిసే ఆ చిన్న గింజ గురించే.

ఈ గింజ విషయంలో జనం అడిగే ప్రశ్నలు రెండు. పచ్చి గింజలను అలాగే మింగితే హాని ఉందా? నూరకుండా తింటే ఒంటికి పడుతుందా? ఈ రెండింటినీ వేర్వేరు ప్రశ్నలుగా అడగడం అలవాటు. నిజానికి రెండింటికీ సమాధానం ఒకే చోట, ఆ గింజ పొట్టులో ఉంది. పొట్టు చెదరకపోతే లోపలి మేలూ బయటికి రాదు, లోపలి కీడూ బయటికి రాదు. పొట్టు పగిలితే రెండూ వస్తాయి. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే మిగిలినదంతా దాని వెంట నడుస్తుంది.

ముందుగా మేలు సంగతి. అవిసె గింజ బరువులో సుమారు 40 శాతం నూనె. ఆ నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వు. శాకాహారంలో ఇంత దట్టంగా అది దొరికే పదార్థాలు చాలా తక్కువ. ఈ నూనె గింజ లోపలి పప్పులో చిన్న చిన్న కణాలలో బంధించి ఉంటుంది. ఆ పప్పు చుట్టూ గట్టి పొట్టు, పొట్టుపైన నీరు తగిలితే ఉబ్బే జిగురు పొర ఉంటాయి. మనిషి జీర్ణరసాలు ఆ పొట్టును కరిగించలేవు. పళ్ల కింద పడితేనే అది పగలాలి. గింజ పొడవు అయిదారు మిల్లీమీటర్లకు మించదు, పైగా తడి తగిలితే జారుతుంది. ఎంత శ్రద్ధగా నమిలినా చాలా గింజలు పళ్ల మధ్య నుంచి తప్పించుకుని నేరుగా కడుపులోకి పోతాయి. మరునాడు మలంలో గింజలు గింజలుగానే కనిపిస్తే వాటిలోని నూనె ఒంటికి అందలేదని అర్థం. ఇంతకు మించిన పరీక్ష ఇంట్లో అక్కరలేదు.

దీనిని కొలిచి చూసినవారు ఉన్నారు. 2005లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొందరికి అవిసెను గింజగా, బరకగా దంచి, మెత్తగా పొడి చేసి, మూడు రూపాలలో ఇచ్చి చూశారు. గింజలో లిగ్నాన్లు అనే పదార్థాలుంటాయి. పేగులోని సూక్ష్మజీవులు వాటిని మార్చి రక్తంలోకి పంపుతాయి. మెత్తని పొడి తిన్నప్పుడు రక్తంలోకి చేరినదానిని 100 అనుకుంటే, దంచినది తిన్నప్పుడు 43, గింజలుగా మింగినప్పుడు 28 మాత్రమే చేరింది. 2008లో కెనడా పరిశోధకులు ప్రచురించిన మరో అధ్యయనం ఒమేగా-3ని చూసింది. పొడి తిన్నవారి రక్తంలో దాని పరిమాణం స్పష్టంగా పెరిగింది. గింజలుగా తిన్నవారిలో చెప్పుకోదగినంత పెరగలేదు. కనుక గుండె కోసం, ఒమేగా-3 కోసం అని ఉదయాన్నే గింజలు మింగేవారు ఆ ఫలితాన్ని చాలావరకు పొందడం లేదు.

అయితే మొత్తం గింజ ఎందుకూ పనికిరాదని చెప్పడం కూడా తొందరపాటే. ఒక చెంచా గింజలను గ్లాసు నీళ్లలో వేసి అరగంట ఉంచితే గింజల చుట్టూ సగ్గుబియ్యం జావ వంటి జిగురు ఏర్పడుతుంది. ఆ జిగురు పొట్టుపైనే ఉంటుంది కాబట్టి అది వెలికి రావడానికి గింజ పగలవలసిన పని లేదు. పేగులో అది నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. మలబద్ధకానికి అవిసెను గింజగానే వాడే సంప్రదాయం ఐరోపాలోనూ ఉంది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ దానిని గుర్తించింది కూడా. ఆ పనికి నూరడం అవసరం కాదు, నీరు అవసరం. ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 10 గ్రాముల గింజలకు కనీసం ఒక పెద్ద గ్లాసు నీరు తాగాలి. నీరు లేకుండా పొడిగా మింగితే అదే జిగురు గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. మింగడం కష్టమైనవారు, పేగు సన్నబడిన జబ్బు ఉన్నవారు దీని జోలికి పోరాదు. ఈ జిగురు మాత్రలను కూడా తనలో పట్టి ఉంచి ఆలస్యం చేస్తుంది గనుక, రోజువారీ మందులకూ అవిసెకూ మధ్య ఒక గంట ఎడం ఉండాలి.

ఇక కీడు సంగతి. పచ్చి అవిసె గింజలో సైనైడ్‌ను విడుదల చేయగల పదార్థాలు ఉన్నాయి. ఈ మాట వినగానే ఉలిక్కిపడనక్కరలేదు. కర్రపెండలంలో, చేదు బాదంలో, నేరేడు కాదు గాని ఆప్రికాట్ గింజ పప్పులో కూడా ఇటువంటివే ఉంటాయి. మొక్క తనను తినవచ్చే పురుగుల నుంచి కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. గింజ లోపల రెండు వస్తువులు వేర్వేరు గదులలో ఉంటాయి. ఒకటి సైనైడ్‌ను చక్కెరతో బంధించి ఉంచిన పదార్థం, రెండవది ఆ బంధాన్ని తెంచే ఎంజైమ్. గింజ చెదరనంతవరకు అవి కలుసుకోవు. నూరి, తడి తగిలించినప్పుడు రెండూ కలిసి హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. మొత్తం గింజను మింగినవారికి ఈ చిక్కు దాదాపు లేనట్టే. నూనె బయటికి రానివ్వని పొట్టే దీనినీ రానివ్వదు.

మనిషి కాలేయం కొద్దిపాటి సైనైడ్‌ను హాని లేని మరో పదార్థంగా మార్చి మూత్రంలో పంపివేయగలదు. కనుక ప్రశ్నంతా మోతాదుది, వేగానిది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2019లో ఒక కొలత చెప్పింది. ఒక పూటలో శరీర బరువు కిలోకు 20 మైక్రోగ్రాముల సైనైడ్ వరకు చేరినా హాని ఉండదని దాని అంచనా. అవిసె నుంచి అది నెమ్మదిగా, కొంతే విడుదలవుతుంది గనుక, గింజలోని మొత్తంలో మూడోవంతు రక్తంలోకి చేరుతుందని లెక్కలో తీసుకోవచ్చు.

ఈ లెక్కను ఒక ఇంటికి అన్వయించి చూస్తే విషయం తేటపడుతుంది. సోలాపూర్‌లో మగ్గాల పని మీద తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. అటువంటి ఇల్లొకటి ఊహించుకోవచ్చు. అరకిలో జవస్ ప్యాకెట్ ఒక్కటే, ఇంట్లో దానిని వాడేవారు ముగ్గురు. మామగారు రాత్రి పడుకోబోయే ముందు గుప్పెడు గింజలు నోట వేసుకుని గుక్కెడు నీళ్లు తాగుతారు. కోడలు పచ్చి గింజలను మిక్సీలో పొడిచేసి ఉదయం తాను ఒక పెద్ద చెంచా మజ్జిగలో తాగుతుంది, మూడేళ్ల పిల్లవాడి అరటిపండు పాలలో రెండు చిన్న చెంచాలు కలిపి మిక్సీ తిప్పుతుంది. అత్తగారు మాత్రం గింజలను వేయించి, వెల్లుల్లి, ఎండుమిరప వేసి కారప్పొడి కొట్టి పెడుతుంది.

"అత్తమ్మా, వేయిస్తే అందులో సత్తువంతా పోతుందట కదా?" అని కోడలు అడుగుతుంది.

"మా అమ్మ వేయించకుండా ఎన్నడూ నూరలేదమ్మా, పచ్చిది పిల్లలకు పెట్టొద్దనేది" అంటుంది అత్తగారు. ఎందుకో ఆమెకు తెలియదు, కోడలికీ నమ్మకం కలగదు.

కోడలి బరువు 60 కిలోలు అనుకుంటే ఆమె పరిమితి 60ని 20తో గుణించగా 1,200 మైక్రోగ్రాములు, అంటే 1.2 మిల్లీగ్రాములు. గింజలలో కిలోకు 200 మిల్లీగ్రాముల సైనైడ్ విడుదల కాగల శక్తి ఉందనుకుందాం. రకాన్ని బట్టి ఇది మారుతుంది. ఆమె తినే పెద్ద చెంచా పొడి సుమారు 7 గ్రాములు. అందులో 1.4 మిల్లీగ్రాములుంటే రక్తంలోకి చేరేది మూడోవంతు, అర మిల్లీగ్రాముకు తక్కువే. ఆమె 15 గ్రాములు తిన్నా చేరేది 1 మిల్లీగ్రాము, అప్పటికీ గీత లోపలే. జర్మనీ ప్రభుత్వ సంస్థ కూడా పెద్దవారికి ఒక పూటకు 15 గ్రాముల వరకు పచ్చి పొడి ఆందోళనకరం కాదనే చెప్పింది.

ఇప్పుడు పిల్లవాడి సంగతి. బరువు 13 కిలోలు, పరిమితి 0.26 మిల్లీగ్రాములు. రెండు చిన్న చెంచాల పొడి సుమారు 5 గ్రాములు, అందులో 1 మిల్లీగ్రాము, చేరేది 0.33 మిల్లీగ్రాములు. తల్లికి ఏమీ కాని కొలత పిల్లవాడికి గీత దాటుతోంది. దీనివల్ల వాడు వెంటనే జబ్బుపడతాడని కాదు. ఆ గీత చాలా జాగ్రత్తగా, కిందికి గీసినది. కాని రోజూ ఉదయం పసివాడిని ఆ గీత మీద నిలబెట్టడానికి కారణమేమీ లేదు. పైగా పచ్చి గింజను పాలతో, పండుతో కలిపి తిప్పడం ఎంజైమ్‌కు కావలసిన తడిని, సమయాన్ని చేతికి అందించినట్టే. ఎక్కువగా తిన్నప్పుడు తలనొప్పి, తల తిరగడం, వాంతి వంటివి కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్లాలి.

స్వీడన్ ఆహార సంస్థ మరింత గట్టిగా, పచ్చి అవిసె పొడిని అసలు తినవద్దనీ, మొత్తం గింజ అయితే రోజుకు ఒకటి రెండు పెద్ద చెంచాలు తినవచ్చనీ సలహా ఇస్తుంది. జర్మనీ మాటకూ స్వీడన్ మాటకూ పొంతన లేదని కొందరు విసుక్కుంటారు. రెండూ చెప్పేది ఒకే గింజ గురించి, ఒకే లెక్క గురించి. ఒకరు పెద్దవాడి చెంచాను చూసి మాట్లాడారు, మరొకరు ఇంటిల్లిపాదికీ ఒకే మాట చెప్పదలిచారు. ఒకే డబ్బాలోంచి తాతా మనవడూ తినే ఇళ్లకు రెండవ పద్ధతే క్షేమం.

మరి నూరితే గాని ఒంటికి పట్టనిది, నూరితే సైనైడ్‌ను విప్పేది అయినప్పుడు దారి ఏది? అత్తగారి మూకుడే దారి. వేడికి ఆ ఎంజైమ్ పనిచేయని స్థితికి వస్తుంది. చక్కెరతో బంధింపబడిన పదార్థం గింజలో మిగిలినా దానిని తెంచేది పోతుంది. పేగులోని సూక్ష్మజీవులు కొంత తెంచగలవు గనుక పూర్తిగా సున్నా అయిందనలేము గాని, ప్రమాదం బాగా తగ్గుతుంది. మహారాష్ట్ర జవస్ చట్నీ, ఉత్తర కర్ణాటక అగసె చట్నీపుడి, తెలుగింటి అవిసె కారప్పొడి, మూడింటిలోనూ గింజను ముందు వేయించి తరువాతే నూరుతారు. ఈ వరుస మారకూడదు. పచ్చిగా నూరి తరువాత వేయిస్తే పొడి మాడిపోతుంది గాని సమంగా వేగదు.

వేయించే తీరు ఇది. మందపాటి మూకుడులో 100 గ్రాముల గింజలు పోసి, సన్నని మంట మీద ఆపకుండా కలుపుతూ ఉండాలి. అయిదారు నిమిషాలకు గింజలు చిటపటలాడుతూ ఎగురుతాయి, కమ్మని వాసన వస్తుంది. నోట వేసుకుంటే కరకరమని విరగాలి. పచ్చి గింజ పళ్లకు సాగినట్టుంటుంది. రంగు ఒక ఛాయ ముదరగానే దించి పళ్లెంలో పరచాలి, లేకపోతే మూకుడు వేడికే మాడి చేదెక్కుతుంది. పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆగి ఆగి తిప్పాలి. ఒకే బిగిన తిప్పితే నూనె వదిలి ముద్ద కడుతుంది. కోడలి అనుమానానికి కూడా ఇక్కడే సమాధానం ఉంది. గింజలోని ఒమేగా-3 ఇంత కొద్దిసేపటి వేడికి పెద్దగా చెడదు. రొట్టెలలో అవిసె పొడి కలిపి కాల్చి చూసినప్పుడు కూడా చాలావరకు నిలిచే ఉంది. చెడగొట్టేవి మాడ్పు, ఆ తరువాత గాలి.

వేయించే తీరిక లేనివారికి మరో మార్గం ఉంది. పొడిని మరుగుతున్న జావలోనో ఓట్స్‌లోనో వేసి మూత పెట్టకుండా కొన్ని నిమిషాలు ఉడికించడం. హైడ్రోజన్ సైనైడ్ 26 డిగ్రీల వేడికే ఆవిరవుతుంది, కాబట్టి మూత తీసి ఉంచితే పొగతో పాటు పోతుంది. చల్లని మజ్జిగలో, పాలలో కలిపినప్పుడు ఈ వీలుండదు.

కనుక ఆ ఇంట్లో మార్చవలసినవి స్వల్పమే. పిల్లవాడి పాలలో పచ్చి పొడి మానాలి. కావాలంటే వేయించిన పొడి అర చిన్న చెంచా నేతి అన్నంలో కలపవచ్చు. కోడలు తాను తినే ఒక పెద్ద చెంచాను వేయించిన పొడిగా మార్చుకుంటే చాలు. అందులో సుమారు ఒకటిన్నర గ్రాముల ఒమేగా-3 దొరుకుతుంది, పెద్దవారి రోజు అవసరానికి అది సరిపడేంత. ఆమె గర్భవతి అయితే, లేదా రక్తం పలుచబడే మందులు వాడుతుంటే, రోజూ తినే ముందు వైద్యుని అడగాలి. మామగారు మలబద్ధకం కోసమే మింగుతుంటే గింజలుగానే మింగవచ్చు. అయితే గుప్పెడు కాదు, ఒక పెద్ద చెంచా. గుక్కెడు నీళ్లు కాదు, నిండు గ్లాసు. పడుకునే ముందు కాదు, ఆ తరువాత గంటసేపైనా కూర్చుని, తిరుగుతూ ఉండే వేళలో. కడుపు బిగదీసి, వాయువు కూడా వెళ్లక, వాంతి అవుతుంటే అది మలబద్ధకం కాదు, పేగు అడ్డుపడిన లక్షణం. అప్పుడు మరో చెంచా మింగడం కాదు, ఆసుపత్రికి వెళ్లడం. గుండె కోసం కూడా తింటున్నానని ఆయన అనుకుంటే, ఆ మేలు అత్తగారి కారప్పొడిలో ఉంది గాని ఆయన గుప్పెట్లో లేదు.

ఇక నిల్వ. గింజ చెదరనంతవరకు నెలల తరబడి పాడుకాదు. పొట్టే దానికి డబ్బా. పొడి చేసిన క్షణం నుంచి నూనెకు గాలి తగిలి ముక్కిపోవడం మొదలవుతుంది. చెన్నై, యానాం వంటి సముద్రపు ఊళ్ల ఉక్కలో మరింత త్వరగా. కనుక వారానికి సరిపడా మాత్రమే నూరి, మూత బిగువుగా ఉన్న సీసాలో, వీలుంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. చెడిన పొడిని గుర్తుపట్టడం సులభం. కొత్తగా రంగు వేసిన తలుపు వాసన వస్తుంది, నాలుక చివర చేదు నిలుస్తుంది. ఆ పోలిక ఊరికే చెప్పినది కాదు, తలుపుల రంగులలో తరతరాలుగా కలిపినది ఈ అవిసె నూనెనే. గాలి తగిలితే గట్టిపడే గుణం అక్కడ వరం, వంటింట్లో శాపం. అందుకే మరొక హెచ్చరిక కూడా అవసరం. హార్డ్‌వేర్ దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ పేరుతో దొరికేది రంగులకు, కొయ్యకు వాడేది. త్వరగా ఆరడానికి అందులో లోహ లవణాలు కలుపుతారు. చవకగా దొరికిందని దానిని వంటకు తేకూడదు. తినడానికి అమ్మే అవిసె నూనె వేరుగా, నల్లని సీసాలో, ఆహార లైసెన్సు సంఖ్యతో దొరుకుతుంది. దానిని పొయ్యి మీద కాగనివ్వకుండా, వడ్డించిన అన్నం మీద వేసుకోవాలి.